ఫారం-16 సున్నా చూపినా పన్ను పడవచ్చు: ఒకే సంస్థలో జీతం తీసుకునేవారు రిటర్నును తామే దాఖలు చేసుకునే విధానం

జూన్ వచ్చిందంటే కర్నూలు, అనంతపురం, కడపలోని ఉద్యోగ మిత్రులందరి నుంచీ ఒకే ప్రశ్న వస్తుంది: "ఐటీ రిటర్ను ఏ యాప్‌లో వేసుకుంటే మంచిది?" ఒకే యజమాని దగ్గర జీతం తీసుకుంటూ, దానితోపాటు బ్యాంకు వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివారికి నా సమాధానం ఎప్పుడూ ఒకటే. ఆదాయపు పన్ను శాఖ వారి incometax.gov.in పోర్టల్ చాలు. దానికి రుసుము లేదు, మీ వివరాలు మూడో మనిషి చేతికి వెళ్లవు.

అయితే అసలు ఇబ్బంది యాప్ ఎంపికలో లేదు. ఏడాది జీతం, కోసిన పన్ను చూపుతూ యజమాని ఇచ్చే ఫారం-16లో ఉన్న అంకెలను ఎక్కించి, పన్ను సున్నా అని చూసి, అక్కడితో పని అయిపోయిందనుకోవడంలో ఉంది. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో పన్ను వర్తించే ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్ను లేదు కాబట్టి, ఆ గీతకు కాస్త కింద ఉన్న ఉద్యోగులు చాలామంది నిశ్చింతగా ఉన్నారు. వారిలో డిపాజిట్ల మీద వడ్డీ వస్తున్నవారు ఈ వ్యాసాన్ని చివరిదాకా చదవాలని కోరుతున్నాను. ఇందులోని లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2026-27 అసెస్‌మెంట్ సంవత్సరానివి.

ఇది మీకు వర్తిస్తుందా?

మీరు భారతదేశ నివాసి అయి, మొత్తం ఆదాయం 50 లక్షల లోపు ఉండి, ఆ ఆదాయం జీతం, పెన్షన్, సొంత ఇల్లు, బ్యాంకు వడ్డీల నుంచి మాత్రమే వస్తుంటే మీకు తగిన ఫారం ఐటీఆర్-1. దీనికే సహజ్ అని పేరు.

మన ప్రాంతంలో ఇక్కడ తరచుగా ఒక పొరపాటు జరుగుతుంది. వ్యవసాయ ఆదాయం ఏడాదికి 5,000 రూపాయలు దాటితే ఐటీఆర్-1 వేయకూడదు, ఐటీఆర్-2 వేయాలి. "నేను సేద్యం చేయడం లేదు కదా, ఊళ్లో పొలాన్ని గుత్తకు ఇచ్చాను" అని చాలామంది అంటారు. దేశంలోని వ్యవసాయ భూమి మీద వచ్చే గుత్త కూడా చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే. దాని మీద నేరుగా పన్ను పడదు. కానీ మిగతా ఆదాయానికి ఎంత పన్ను పడాలో లెక్కకట్టేటప్పుడు దానినీ కలుపుతారు, అందుకే చూపించాలి. అనంతపురం వైపు వేరుసెనగ పొలాన్ని ఏడాదికి ఇరవై వేలకు గుత్తకిచ్చిన ఉపాధ్యాయుడు ఐటీఆర్-1లో "వ్యవసాయ ఆదాయం సున్నా" అని రాస్తే అది తప్పు రిటర్నే అవుతుంది. ఐటీఆర్-2 కూడా అదే పోర్టల్‌లో ఉచితంగానే నింపవచ్చు, పేజీలు ఎక్కువ ఉంటాయి, అంతే తేడా.

ఏ సాధనం దేనికి పనికొస్తుంది?

పోర్టల్ మొదటిది. అందులోనే జీతం, టీడీఎస్ అంటే మీకు చెల్లించే ముందే కోసిన పన్ను, వడ్డీ వివరాలు చాలావరకు ముందే నింపి ఉంటాయి. లాగిన్ అవసరం లేకుండానే మొదటి పేజీలో Income and Tax Calculator కూడా దొరుకుతుంది, పాత, కొత్త విధానాలను పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి అది చాలు.

రెండోది ఆదాయపు పన్ను శాఖ వారి AIS for Taxpayer అనే మొబైల్ యాప్. దీనిలో రిటర్ను దాఖలు చేయలేరు. మీ పాన్ మీద బ్యాంకులు, యజమాని, ఇతర సంస్థలు శాఖకు ఏమేమి తెలియజేశాయో చూసుకోవడానికి మాత్రమే ఇది ఉంది. ప్లే స్టోర్‌లో ఇలాంటి పేర్లతో వేరే యాప్‌లు కూడా ఉంటాయి కాబట్టి, తయారుచేసినది ఆదాయపు పన్ను శాఖేనని చూసుకున్న తరువాతే దించుకోండి.

మూడోది క్లియర్‌టాక్స్, క్వికో వంటి ప్రైవేటు సేవలు. ఫారం-16 పీడీఎఫ్‌ను ఎక్కిస్తే అంకెలను అవే చదివి నింపుతాయి. షేర్ల లావాదేవీలు ఎక్కువగా ఉన్నవారికి ఆ శ్రమ నిజంగా తగ్గుతుంది. ఒకే యజమాని, రెండు బ్యాంకు ఖాతాలు ఉన్న ఉద్యోగికి అంత అవసరం లేదు. వాడదలచుకుంటే ఒక జాగ్రత్త తీసుకోండి: ఫారం-16 ఎక్కించగానే వచ్చే లెక్కలో మీ బ్యాంకు వడ్డీ ఉండదు, దానిని విడిగా చేర్చాలి. పోర్టల్ పాస్‌వర్డును మాత్రం ఏ యాప్‌కూ, ఏ మనిషికీ ఇవ్వవద్దు. అనుమతి ఉన్న మధ్యవర్తి సంస్థ మీ సమ్మతిని ఓటీపీ ద్వారానే తీసుకోగలదు.

ఇక ప్రభుత్వ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి ఫిబ్రవరిలో తిరిగే ఎక్సెల్ షీట్లు. జీతాల బిల్లు పెట్టే అధికారి అయిన డీడీఓకు ఇవ్వవలసిన లెక్క తయారుచేయడానికి అవి బాగా పనికొస్తాయి, వాటిని తయారుచేసి పంచేవారి శ్రమను గౌరవించాలి. అయితే ఆ షీటు ముద్రించే కాగితం మీద "ఫారం-16" అని ఉన్నంత మాత్రాన అది అసలు ఫారం-16 కాదు. అసలుదాని పార్ట్-ఎ శాఖ వారి టీడీఎస్ వెబ్‌సైటు అయిన ట్రేసెస్ నుంచి దిగుతుంది, దానికి ఒక సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. దానిని మీ డీడీఓను గానీ, అకౌంట్స్ విభాగాన్ని గానీ అడిగి తీసుకోండి.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఫారం-16, రెండు భాగాలూ. యజమాని జూన్ 15 లోగా ఇవ్వాలి.
- ఆధార్‌తో అనుసంధానమైన పాన్, ఆధార్‌కు జోడించిన మొబైల్ ఫోను.
- మీ పేరున ఉన్న ప్రతి బ్యాంకు ఖాతా, ప్రతి డిపాజిట్ మీద ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు వచ్చిన వడ్డీ సర్టిఫికెట్. బ్యాంకు యాప్‌లోనే చాలావరకు దొరుకుతుంది. పోస్టాఫీసు, సహకార బ్యాంకు వడ్డీలకు పాసు పుస్తకం చూసుకోవాలి.
- మార్చి నెల పే స్లిప్పు, అందులో ఏడాది మొత్తం కోత కనిపిస్తే మరీ మంచిది.

పాత విధానం ఎంచుకునేవారు మాత్రం ఎల్‌ఐసీ, ఏపీజీఎల్‌ఐ, పిల్లల ట్యూషన్ ఫీజు, ఇంటి రుణం, ఇంటద్దె రసీదులను కూడా పెట్టుకోవాలి. వీటిని రిటర్నుతో పంపనక్కర లేదు, కానీ అడిగినప్పుడు చూపించగలగాలి.

ఒక ఉదాహరణ

ప్రొద్దుటూరులో ఉంటూ ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఉద్యోగిని తీసుకుందాం. ఆయన స్థూల జీతం 12,48,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 11,73,000 మిగులుతుంది. అది 12 లక్షల లోపే కాబట్టి కంపెనీ ఒక్క రూపాయి కూడా టీడీఎస్ కోయలేదు, ఫారం-16లో పన్ను సున్నా.

ఆయనకు ఒక బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది, దాని మీద ఏడాదికి 44,600 వడ్డీ. ఆ బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటలేదు కాబట్టి బ్యాంకు కూడా టీడీఎస్ కోయలేదు. పొదుపు ఖాతా వడ్డీ మరో 6,150. ఎక్కడా కోత లేదు కదా అని ఆయన ఈ రెండింటినీ మరచిపోతే ఆశ్చర్యం లేదు. కోత లేకపోయినా వడ్డీ మాత్రం పన్ను వర్తించే ఆదాయమే. పొదుపు వడ్డీ మీద పది వేల దాకా ఇచ్చే 80టీటీఏ మినహాయింపు కొత్త విధానంలో లేదు. కాబట్టి మొత్తం ఆదాయం ఇలా అవుతుంది:

```
జీతం (స్టాండర్డ్ డిడక్షన్ పోగా)   11,73,000
డిపాజిట్ వడ్డీ                      44,600
పొదుపు ఖాతా వడ్డీ                    6,150
మొత్తం                           12,23,750
```

గీత 23,750 మేర దాటింది. శ్లాబుల ప్రకారం మొదటి 4 లక్షల మీద పన్ను లేదు, తరువాతి 4 లక్షల మీద 5 శాతం, ఆ పై 4 లక్షల మీద 10 శాతం, మిగిలిన 23,750 మీద 15 శాతం. మొత్తం 63,562 దాకా వస్తుంది. ఇరవై మూడు వేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై మూడు వేల పన్ను అన్యాయం కాబట్టి, మార్జినల్ రిలీఫ్ అనే ఏర్పాటు ఉంది: 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను మించకూడదు. కనుక పన్ను 23,750, దాని మీద 4 శాతం సెస్సు 950, కలిపి 24,700.

అంటే ఫారం-16 సున్నా చూపిన మనిషి 24,700 కట్టాలి. ఏడాదిలో ముందస్తు పన్ను కట్టలేదు కాబట్టి, 234బి, 234సి కింద వడ్డీ కూడా పడుతుంది. జూలైలో కడితే అది మరో 2,234 రూపాయలు. వడ్డీని చూపకుండా రిటర్ను వేస్తే, ఆ సమాచారం బ్యాంకు ద్వారా శాఖ దగ్గర ముందే ఉంటుంది కాబట్టి నోటీసు రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇక దాఖలు చేసే క్రమం.

1. ముందుగా ప్రొఫైల్ సరిచూసుకోండి. పోర్టల్‌లో యూజర్ ఐడీ మీ పాన్ నంబరే. లాగిన్ అయ్యాక My Profile తెరిచి, మొబైల్, ఈమెయిల్ రెండూ మీవేనా చూడండి. గతంలో కలెక్టరేట్ దగ్గరి జిరాక్స్ షాపులోనో, నెట్ సెంటర్‌లోనో వేయించి ఉంటే అక్కడ వేరొకరి నంబరు ఉండే అవకాశం చాలా ఎక్కువ. అదే జరిగితే రీఫండు వచ్చినా, నోటీసు వచ్చినా ఆ కబురు మీకు చేరదు. తరువాత My Bank Account లో మీ ఖాతా పక్కన వ్యాలిడేట్ అయినట్టు ఉందో లేదో చూడండి. మన జిల్లాల వారికి ఇది ముఖ్యం: కడప ప్రధాన కార్యాలయంగా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఆ ఖాతా ఇచ్చినవారు పాసు పుస్తకంలోని ఐఎఫ్‌ఎస్‌సీని, పోర్టల్‌లో ఉన్నదానిని పోల్చి చూసుకొని, తేడా ఉంటే మార్చి మళ్లీ వ్యాలిడేట్ చేయించాలి. లేకపోతే రీఫండు ఆగిపోతుంది.

2. మూడు పత్రాలను దించుకోండి. ఫారం-16 మీ చేతిలో ఉంది. పోర్టల్‌లో AIS మెనూ నుంచి వార్షిక సమాచార పత్రాన్ని, e-File, Income Tax Returns, View Form 26AS అనే వరుసలో మీ పాన్ మీద జమ అయిన పన్నును చూపే 26ఏఎస్‌ను తీసుకోండి. ఏఐఎస్ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డు పాన్‌ను చిన్న అక్షరాల్లో రాసి, వెంటనే పుట్టిన తేదీని ఎనిమిది అంకెల్లో చేర్చాలి. ఉదాహరణకు పాన్ ABCDE1234F, పుట్టిన తేదీ 1985 ఆగస్టు 7 అయితే:

```
abcde1234f07081985
```

మే నెలలోనే తొందరపడి ఏఐఎస్ చూస్తే అందులో అన్నీ ఉండవు. బ్యాంకులు వడ్డీ వివరాలు పంపే గడువు, యజమాని చివరి త్రైమాసికపు టీడీఎస్ రిటర్ను వేసే గడువు రెండూ మే 31. కాబట్టి జూన్ 15 దాటాక మొదలుపెట్టడం మేలు.

3. మూడింటినీ పక్కపక్కన పెట్టి సరిపోల్చండి. రిటర్ను పనిలో సగం కంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలని నా అభిప్రాయం. చూడవలసినవి రెండే.

మొదటిది టీడీఎస్. ఫారం-16 పార్ట్-ఎలో ఉన్న కోత మొత్తం, 26ఏఎస్‌లో మీ యజమాని టాన్, అంటే పన్ను కోసేవారికి శాఖ ఇచ్చే నంబరు ఎదురుగా ఉన్న మొత్తం రూపాయి తేడా లేకుండా కలవాలి. ప్రభుత్వ ఉద్యోగులకు ఇక్కడే చిక్కు వస్తుంటుంది. మీ జీతం నుంచి పన్ను కోసినట్టు పే స్లిప్పులో ఉంటుంది, కానీ 26ఏఎస్‌లో ఒక త్రైమాసికం ఖాళీగా ఉంటుంది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ సొమ్ము పుస్తక సర్దుబాటుగా జమ అవుతుంది. ఖజానా అధికారి 24జీ స్టేట్‌మెంట్ ఇస్తే బిన్ అనే నంబరు వస్తుంది, డీడీఓ ఆ బిన్‌ను వేసి 24క్యూ రిటర్ను దాఖలు చేస్తేనే మీ పాన్ మీద జమ కనిపిస్తుంది. ఈ రెండింటిలో ఏది ఆగినా, లేదా డీడీఓ మీ పాన్‌లో ఒక్క అక్షరం తప్పు వేసినా, మీ 26ఏఎస్ ఖాళీగానే ఉంటుంది. అప్పుడు రిటర్ను వేయడం కొన్నాళ్లు ఆపి, "ఏ త్రైమాసికంలో నా పాన్ మీద జమ లేదో" రాసి డీడీఓకు అర్జీ ఇవ్వండి. 24క్యూకు సవరణ వేయించిన తరువాత కొద్ది రోజులకు జమ కనిపిస్తుంది. గడువు మీద పడి తప్పనిసరిగా వేయవలసి వస్తే, కోసిన మొత్తాన్నే చూపి, పే స్లిప్పులన్నీ భద్రపరచుకోండి. జీతంలో కోసిన పన్నును ఉద్యోగి నుంచి మళ్లీ వసూలు చేయకూడదని ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ చెబుతోంది. డిమాండు నోటీసు వచ్చినా దానికి జవాబు ఇవ్వడానికి ఆ సెక్షన్, ఆ స్లిప్పులే మీకు ఆధారం.

రెండోది వడ్డీ. ఏఐఎస్‌లో ప్రతి బ్యాంకు పేరు కింద పొదుపు వడ్డీ, డిపాజిట్ వడ్డీ విడివిడిగా ఉంటాయి. బ్యాంకు సర్టిఫికెట్లతో పోల్చండి. ఒకే వడ్డీ రెండు చోట్ల కనిపిస్తే కంగారు పడవద్దు. బ్యాంకు టీడీఎస్ కోసినప్పుడు ఒకసారి, వడ్డీ నివేదికలో మరోసారి పంపడం వల్ల అలా జరుగుతుంది. ఆ వరుస ఎదురుగా అభిప్రాయం తెలిపే చోట Information is duplicate / included in other information అని ఎంచుకోండి. మీ నాన్నగారి సొమ్ముతో వేసిన ఉమ్మడి డిపాజిట్‌లో మొదటి పేరు మీది ఉన్నందువల్ల ఆ వడ్డీ మీ పాన్ కింద వచ్చి ఉంటే Information relates to other PAN/Year అనేది తగిన జవాబు, అప్పుడు దానిని నాన్నగారి ఆదాయంలో చూపాలి. దీనికి భిన్నంగా, ఏఐఎస్‌లో లేని పోస్టాఫీసు వడ్డీ మీకు వచ్చి ఉంటే, అందులో లేదు కదా అని వదిలేయకూడదు.

4. ఏ విధానమో తేల్చుకోండి. కొత్త విధానమే డిఫాల్ట్. కాలిక్యులేటర్‌లో అంకెలు వేసి రెండూ చూడండి. మన ఉదాహరణలోని ఉద్యోగికి పాత విధానంలో 80సి కింద లక్షన్నర, ఇంటి రుణం వడ్డీ రెండు లక్షలు మినహాయించినా పన్ను లక్ష దాకా వస్తుంది, కాబట్టి ఆయనకు కొత్తదే లాభం. ఇంటద్దె మినహాయింపు, గృహరుణం, 80సి అన్నీ పెద్ద మొత్తాల్లో ఉండి, జీతం 12 లక్షలకు బాగా పైన ఉన్నవారు మాత్రం తప్పక రెండూ పోల్చాలి. పాతదానిని ఎంచుకోవాలంటే గడువు లోపలే రిటర్ను వేయాలి. గడువు దాటితే కొత్త విధానం ఒక్కటే గతి.

5. ఫారం తెరవండి. e-File, Income Tax Returns, File Income Tax Return అని వెళ్లి, Assessment Year దగ్గర 2026-27, విధానం దగ్గర Online ఎంచుకోండి, తరువాత Individual, ఆ తరువాత ITR-1. సంవత్సరం దగ్గర నిదానించండి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టం అసెస్‌మెంట్ సంవత్సరం అనే మాటనే తీసేసి "టాక్స్ ఇయర్" అంటోంది. టాక్స్ ఇయర్ 2026-27 అంటే ఇప్పుడు నడుస్తున్న సంవత్సరం. మీరు వేస్తున్నది గడిచిన ఏడాది రిటర్ను, దానికి పాత 1961 చట్టమే వర్తిస్తుంది, అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27 అనే పేరే ఉంటుంది. రెండింటిలో అంకెలు ఒకటే కావడం వల్ల పొరబడే ప్రమాదం ఉంది.

6. వివరాలు నింపండి. వ్యక్తిగత వివరాల్లో విధానం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. అందులో opting out of new tax regime అనే మాటలు ఉంటాయి. "కొత్త విధానం కావాలా" అని అడుగుతున్నారనుకొని చాలామంది Yes నొక్కుతారు. అది కొత్త విధానం నుంచి బయటికి వస్తారా అని అడిగే ప్రశ్న. కొత్త విధానం కావాలంటే No ఉంచాలి. ఒక్క నొక్కుతో పన్ను లక్షల్లో మారేది ఇక్కడే.

జీతం దగ్గర ముందే నింపిన అంకెను ఫారం-16 పార్ట్-బితో పోల్చండి. బ్యాంకులో నెలనెలా పడిన నికర జీతాన్ని కూడి వేయడం తప్పు, పీఎఫ్, వృత్తి పన్ను వంటి కోతలకు ముందున్న స్థూల జీతం వేయాలి. స్టాండర్డ్ డిడక్షన్‌ను అదే తీసుకుంటుంది. వృత్తి పన్ను మినహాయింపు పాత విధానంలో మాత్రమే ఉంది. సీపీఎస్‌లో ఉన్నవారికి ప్రభుత్వం జమచేసే వాటా మీద 80సీసీడీ(2) మినహాయింపు కొత్త విధానంలోనూ ఉంది. అయితే ఆ వాటాను ముందుగా స్థూల జీతంలో కలిపి ఉంటేనే తీసేయాలి. కలపకుండా తీసేస్తే ఆదాయం తక్కువ చూపినట్టవుతుంది.

ఇతర ఆదాయం దగ్గర పొదుపు వడ్డీని, డిపాజిట్ వడ్డీని విడివిడిగా, మీరు మూడో మెట్టులో తేల్చుకున్న అంకెలతో వేయండి. ముందే నిండి ఉన్నదానిని అలాగే వదిలేయవద్దు.

7. కట్టవలసింది ఉంటే కట్టండి. Total Tax Liability పేజీలో పన్ను, సెస్సు, వడ్డీ కలిపి ఎంతో కనిపిస్తుంది. మన ఉదాహరణలో అది జూలైలో 26,930 దగ్గర ఉంటుంది. మార్జినల్ రిలీఫ్ లెక్కలోకి వచ్చిందో లేదో ఇక్కడే తెలుస్తుంది: సెస్సుకు ముందున్న పన్ను 12 లక్షలు దాటిన మొత్తం కంటే ఎక్కువ కనిపిస్తే, విధానం దగ్గర ఏదో తప్పు నొక్కారని అర్థం. అక్కడి నుంచే Pay Now ద్వారా కట్టవచ్చు, లేదా e-Pay Tax లోకి విడిగా వెళ్లవచ్చు. విడిగా కట్టేటప్పుడు చెల్లింపు రకం Self-Assessment Tax (300) ఎంచుకోవాలి. Advance Tax (100) ఎంచుకుంటే, లేక సంవత్సరం తప్పు పడితే సొమ్ము వేరే చోటికి పోయి, దానిని మళ్లీ దారికి తేవడానికి అర్జీలు పెట్టుకోవలసి వస్తుంది. చలాను దించుకొని, అందులోని బీఎస్ఆర్ కోడ్, తేదీ, చలాను నంబరు రిటర్నులోని Tax Paid భాగంలో చేరాయో లేదో చూడండి. చేరకపోతే మీరే నింపండి. కట్టవలసిన మొత్తం సున్నా అయ్యాకనే ముందుకు కదలండి.

8. ప్రివ్యూ చదివి, సమర్పించి, వెరిఫై చేయండి. ప్రివ్యూ పీడీఎఫ్‌ను ఫోనులో కాకుండా వీలైతే కంప్యూటర్ మీద చదవండి. మూడు అంకెలు సరిపోతే చాలు: స్థూల జీతం ఫారం-16తో, వడ్డీ మీ కాగితంతో, టీడీఎస్ 26ఏఎస్‌తో. ఆ తరువాత e-Verify Now నొక్కి ఆధార్ ఓటీపీతో ముగించండి. ఆధార్‌కు పాత నంబరు ఉండి ఓటీపీ రాకపోతే నెట్ బ్యాంకింగ్ ద్వారానో, వ్యాలిడేట్ అయిన బ్యాంకు ఖాతాకు వచ్చే కోడ్ ద్వారానో చేయవచ్చు. అదీ కుదరకపోతే ఐటీఆర్-వి ముద్రించి, సంతకం చేసి, స్పీడ్ పోస్టులో బెంగళూరు సీపీసీకి పంపవచ్చు. ఏదైనా 30 రోజుల్లోనే జరగాలి. వెరిఫై కాని రిటర్ను వేయనట్టే లెక్క, "సబ్మిట్ అయింది" అన్న సందేశం చూసి ఆగిపోయినవారికి తరువాత ఆలస్య రుసుము పడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

ఐటీఆర్-1కు గడువు జూలై 31. దాటితే 5,000 రుసుము, మొత్తం ఆదాయం 5 లక్షల లోపు వారికి 1,000. పొడిగింపు ఇస్తారని ఎదురుచూడటం కంటే జూలై మొదటి రెండు వారాల్లో ముగించడం మంచిది, చివరి రోజుల్లో ఓటీపీలు కూడా ఆలస్యమవుతాయి.

రీఫండు పెంచి ఇస్తామనేవారి గురించి

ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది. "మీకు నలభై వేలు రీఫండు తెప్పిస్తాం, అందులో మా వాటా ఇంత" అని అడిగేవారు మన ఊళ్లలోనూ ఉన్నారు. వారు చేసేది లేని ఇంటద్దెను, ఇవ్వని రాజకీయ పార్టీ విరాళాన్ని, కట్టని ప్రీమియాన్ని మీ పేరున రాయడమే. మీరు ఏ కాగితం మీదా సంతకం పెట్టకపోయినా, మీ ఓటీపీతో వెరిఫై అయిన రిటర్నుకు బాధ్యులు మీరే. ఆదాయాన్ని తప్పుగా చూపినట్టు తేలితే తగ్గించిన పన్నుకు రెట్టింపు, అంటే 200 శాతం దాకా జరిమానా ఉంది. వాటా తీసుకున్న మనిషి అప్పటికి దొరకడు. ఇప్పటికే అలా వేయించి ఉంటే, నోటీసు రాకముందే సవరించిన రిటర్ను వేసి పన్ను కట్టేయండి.

దాఖలు చేశాక ఏం చూడాలి?

e-File, Income Tax Returns, View Filed Returns లోకి వెళితే రిటర్ను ఏ దశలో ఉందో తెలుస్తుంది. పరిశీలన పూర్తయ్యాక 143(1) సెక్షన్ కింద ఒక సమాచార పత్రం ఈమెయిల్‌కు వస్తుంది, దాని పాస్‌వర్డు కూడా ఏఐఎస్‌కు వాడినదే. అందులో రెండు నిలువు వరుసలు ఉంటాయి: ఒకటి మీరు చూపినది, రెండోది శాఖ లెక్కించినది. వరుస వరుసా పోల్చి, తేడా ఎక్కడ మొదలైందో వెతకండి. సాధారణంగా అది మూడు చోట్లలో ఒకటిగా ఉంటుంది: టీడీఎస్ జమ తక్కువ ఇవ్వడం, చలాను కలవకపోవడం, విధానం మారడం. డిమాండు కనిపించగానే కట్టేయవద్దు. మీదే తప్పయితే కట్టండి, కాకపోతే Pending Actions, Response to Outstanding Demand లో ఒప్పుకోవడం లేదని కారణంతో సహా జవాబు ఇవ్వండి. రీఫండు వచ్చిందంటూ లింకు పంపి ఖాతా వివరాలు అడిగే సందేశాలను తెరవవద్దు. రీఫండు మీరు వ్యాలిడేట్ చేసిన ఖాతాకు నేరుగా పడుతుంది, దానికోసం ఏ లింకూ నొక్కనక్కర లేదు.

ఉదాహరణలోని ఉద్యోగి లాంటివారు వచ్చే ఏడాది ఆ 2,234 రూపాయల వడ్డీ కట్టకుండా ఉండాలంటే రెండు దారులున్నాయి. బ్యాంకు వడ్డీ ఎంత రావచ్చో ఏడాది మొదట్లోనే అకౌంట్స్ విభాగానికి రాతపూర్వకంగా తెలియజేస్తే, వారు దానిని కూడా కలుపుకొని నెలనెలా జీతంలోనే పన్ను కోస్తారు. అది ఇష్టం లేకపోతే కట్టవలసిన పన్ను 10,000 దాటుతుందని తెలిసిన వెంటనే ముందస్తు పన్నుగా జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీల్లోగా వాయిదాలుగా కట్టుకోవచ్చు. మొదటి దారి ఒక్క ఉత్తరంతో అయిపోతుంది కాబట్టి నేను దానినే సూచిస్తాను. ఆ ఉత్తరానికి అందినట్టు సంతకం తీసుకొని ఒక ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.